హ్యాండోవర్ నోటులో ఏమి తప్పింది?

“విశాఖలో మేల్ వార్డు నర్సును. నా నోటు: ‘బెడ్ 14, గుండె వైఫల్యం, షుగరు. లాసిక్స్ ఇచ్చాం. ఇన్సులిన్ 6 యు, హెచ్‌ఎస్. పొటాషియం చూడాలి.’ రాత్రి సిస్టరు పదేపదే ఫోన్ చేశారు. లోపం ఎక్కడ?”

అసలు చిక్కు చివరి మాటలో ఉంది. ‘చూడాలి’ అంటే రక్తం తీసి పంపాలనా, పంపిన రిపోర్టు తెప్పించాలనా?

1. మిగిలిన పనికి నాలుగు వివరాలు కావాలి: ఏమి జరిగింది, ఏమి మిగిలింది, ఎప్పటికి, ఎవరు. చాలామంది వదిలేసేది ఐదోది: ఫలితం ఎంత వస్తే ఏమి చేయాలి. లాసిక్స్ పొటాషియంను తగ్గిస్తుంది. కాబట్టి ఇలా రాయండి: “సాయంత్రం 5.30కు పొటాషియం పరీక్షకు రక్తం పంపాం. రాత్రి డ్యూటీ సిస్టరు 8.30కు ల్యాబునుంచి రిపోర్టు తెప్పించాలి. 3.5 కంటే తక్కువైతే వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పాలి.” ఆ హద్దు మీరు ఊహించేది కాదు, డాక్టరును అడిగి రాయాలి.

2. ‘యు’ బదులు ‘యూనిట్లు’ అని పూర్తిగా రాయండి. తొందరలో రాసిన ఆ ఇంగ్లీషు అక్షరం సున్నాలా కనిపిస్తే 6 కాస్తా 60 అవుతుంది. ‘హెచ్‌ఎస్’ను కొందరు పడుకునే వేళ అని, కొందరు సగం గాఢత అని చదువుతారు. “రాత్రి 10కి” అంటే సరి. ఇన్సులిన్ రకం, చివరి షుగరు రీడింగు కూడా లేవు.

3. లాసిక్స్ ఎంత, ఎన్నింటికి, తర్వాత మూత్రం ఎంత వచ్చింది?

4. బెడ్ నంబరు మారిపోతుంది. పేరు, ఐపీ నంబరు రెండూ రాయండి. మన వార్డుల్లో ఒకేసారి ఇద్దరు అప్పారావులు ఉండడం వింత కాదు.