రిటైరవుతున్న సీనియర్ అసిస్టెంట్ గారి గురించి సెక్షన్ హెడ్ ఏం మాట్లాడితే బాగుంటుంది?

ప్రశ్న: మా సెక్షన్లో సీనియర్ అసిస్టెంట్ గారు ఈ నెలాఖరుకు రిటైరవుతున్నారు. నాకంటే వయసులో పెద్ద. సూపరింటెండెంట్‌గా సభలో నేనే మాట్లాడాలి. ఆప్యాయంగా ఉండాలి, ఆఫీసు మర్యాదా తప్పకూడదు. ఎలా?

జవాబు: మాది కర్నూలు. రెండేళ్ల కిందట నాకూ ఇదే పని పడింది. "నిజాయితీపరులు, మృదుస్వభావి, అజాతశత్రువు" లాంటి మాటలు నా తర్వాత మాట్లాడే ఆఫీసరు గారికి వదిలేశాను. అవి ఎవరికైనా అతుకుతాయి. పక్క సీట్లో కూర్చున్న మనం చెప్పాల్సింది మనం కళ్లారా చూసిన పని ఒక్కటి.

నేను 2009 అక్టోబరు వరద ఎత్తుకున్నాను. తుంగభద్ర, హంద్రీ ఊరి మీద పడ్డప్పుడు మా రికార్డు రూము మునిగింది. నా ప్రసంగంలో ఆ భాగం ఇది:

"నీళ్లు తీశాక సర్వీసు రిజిస్టర్లు ముద్దలై దొరికాయి. ఎండలో పరుద్దామని మేమంటే సార్ వద్దన్నారు, కాగితం పెళుసెక్కి విరుగుతుందని. వరండా నీడలో ఫ్యాన్లు పెట్టించి, పేజీకి పేజీకి మధ్య పాత న్యూస్‌పేపర్ ముక్క పెట్టి, తడిసిన ముక్కను తీసి పొడిది మారుస్తూ కూర్చున్నారు. సిరా చెదిరిన చోట ఇంక్రిమెంటు ఎంట్రీలను పాత పే బిల్లులతో సరిచూసి, ఆఫీసరు గారి చేత మళ్లీ అటెస్ట్ చేయించారు. ఆ తర్వాత రిటైరైన మనవాళ్ల పెన్షన్ కాగితాలు ఆ రిజిస్టర్ల మీదే వెళ్లాయి. ఇవాళ సార్ సొంత రిజిస్టరూ అందులోదే."

ఆ చివరి మాటకు హాలంతా చప్పట్లు. ముందు వరసలో వాళ్ల అమ్మాయి "ఇదంతా మాకెప్పుడూ చెప్పలేదే నాన్నా" అంది. ఇంటివాళ్లకు తెలియని ఆఫీసు మనిషిని చూపిస్తే చాలు, ఆప్యాయత వేరే కలపనక్కర్లేదు.

పిలుపు సంగతి. సెక్షన్లో నేనాయన్ని "అన్నా" అనే పిలిచేవాణ్ణి. మైకు ముందు మాత్రం పేరు పక్కన "గారు", తర్వాత "సార్". వయసులో చిన్నవాణ్ణి కాబట్టి "నా కింద పనిచేశారు" అనే మాట నోట రానివ్వలేదు, "మా సెక్షన్లో పనిచేశారు" అన్నాను. ఒక్కసారి, చివర్లో, "అన్నా, సీటు అప్పగించినా ఫోను మాత్రం ఎత్తుతుండాల" అన్నాను. మొదటినుంచీ అన్నా అన్నా అనుంటే ఆ పిలుపు అంత తగిలేది కాదేమో.

చేరిన తేదీ, పనిచేసిన ఊళ్లు సర్వీసు రిజిస్టరులో చూసి రాసుకోండి. నోటి లెక్క నమ్మొద్దు, సభలో ఆయనే లేచి దిద్దుతారు. ఆ వివరాలకు రెండు వాక్యాలు చాలు, మొత్తం అయిదు నిమిషాలు దాటకండి.

రాని ప్రమోషను, పాత మెమోలు, షుగరు, బీపీ తమాషాకైనా ఎత్తొద్దు. "పెన్షన్ వెంటనే వచ్చేస్తుంది" అని వేదిక మీద మాటివ్వొద్దు, అది మన చేతిలో లేదు. దానికి బదులు సభకు ముందే ఆ ఫైలు ఎక్కడుందో కనుక్కుని, టీ తాగేటప్పుడు ఆయనకు విడిగా చెప్పండి.