స్విచ్ డాక్‌ను టీవీకి కలిపితే నాలుగు వైపులా అంచులు కోసుకుపోతున్నాయి: Adjust Screen Size తగ్గించడం సరైన పద్ధతేనా?

ప్రశ్న: మాది ఆమదాలవలస. నింటెండో స్విచ్‌ని 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీకి పెట్టాం. పైన మూలలో ప్రాణాలు చూపించే గుండె గుర్తులు సగమే కనబడుతున్నాయి, కింద స్కోరు అంకెలు తెగిపోతున్నాయి. స్విచ్‌లో Adjust Screen Size 95 శాతానికి తగ్గిస్తే అన్నీ కనబడుతున్నాయి కానీ అక్షరాలు మసకగా ఉన్నాయి. ఇది ఇంతేనా, వేరే దారి ఉందా?

జవాబు: వేరే దారి ఉందండీ. స్విచ్‌లోని ఆ అంకెను తిరిగి 100 శాతానికి పెట్టేసి, సరిచేయవలసినదాన్ని టీవీలో సరిచేయండి. కిందటి సంక్రాంతికి బొబ్బిలిలో మా అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు మా మేనల్లుడు సరిగ్గా ఇదే ఇబ్బంది చెప్పాడు. వాడు కూడా మీలాగే 95కు తగ్గించి, మసకగా ఉందని కేబుల్ మార్చాడు. కేబుల్‌లో ఏ లోపమూ లేదు.

ముందుగా తప్పు ఎవరిదో తేల్చుకోవడానికి మేము చేసిన పరీక్ష చాలా సులభమైనది. గుండె గుర్తులు సగం తెగి కనబడుతున్న చోటే ఆటను ఆపి, స్విచ్‌ను డాక్ నుంచి బయటికి తీసి, దాని సొంత తెర మీద చూశాము. అక్కడ అవే గుర్తులు నిండుగా ఉన్నాయి, వాటికీ తెర అంచుకూ మధ్య కాస్త ఖాళీ కూడా ఉంది. అంటే ఆట వాటిని సరైన చోటే గీస్తున్నది. టీవీయే వచ్చిన బొమ్మను కొంచెం పెద్దది చేసి, చట్రం దాటిన భాగాన్ని వదిలేస్తున్నది. దీనినే ఓవర్‌స్కాన్ అంటారు.

ఈ అలవాటు పిక్చర్ ట్యూబు టీవీల నాటిది. మా చిన్నప్పుడు సాయంత్రం వేళ వోల్టేజీ పడిపోతే బొమ్మ నాలుగు పక్కలా ముడుచుకొని, చుట్టూ నల్లని అంచు కనబడేది. కరెంటులో తేడా వచ్చినా, ట్యూబు పాతబడి బొమ్మ కొలత మారినా ఆ నల్లని అంచు చూసేవారికి కనబడకూడదని, బొమ్మను చట్రం కంటే కొంచెం పెద్దదిగా గీసేలా అప్పటి టీవీలను అమర్చేవారు. ఇప్పటి ఎల్‌ఈడీ తెరలో ప్రతి చుక్కకూ స్థిరమైన చోటు ఉంది కాబట్టి ఆ అవసరం లేదు. అయినా చాలా టీవీలు 16:9 అనే అమరికలో నేటికీ అదే పని చేస్తున్నాయి.

ఇక మసక ఎందుకు వచ్చిందో చూద్దాం. టీవీ ఒక్కొక్క వైపున రెండున్నర శాతం కోస్తున్నదని అనుకోండి. 1920 చుక్కల వెడల్పులో ఎడమ 48, కుడి 48 పోతాయి. 1080 చుక్కల ఎత్తులో పైన 27, కింద 27 పోతాయి. మిగిలిన 1824 × 1026 భాగాన్ని టీవీ సాగదీసి తెరంతా నింపుతుంది. మీరు స్విచ్‌లో 95 శాతం పెట్టినప్పుడు, స్విచ్ పూర్తి బొమ్మను 1824 × 1026లోకి కుదించి చుట్టూ నల్లని అంచు పెట్టి పంపుతుంది. టీవీ ఆ నల్లని అంచును కోసి, మిగిలినదాన్ని మళ్లీ 1920 × 1080కు సాగదీస్తుంది. అంచులు కనబడతాయి కానీ, ఒకసారి కుదింపు, ఒకసారి సాగదీత జరిగాక ఒక్క చుక్క వెడల్పున ఉండవలసిన గీత రెండు చుక్కల మీద పలుచగా పరుచుకుంటుంది. మెనూలోని సన్నని అక్షరాల నిలువు గీతలను దగ్గరికి వెళ్లి చూస్తే, వాటి పక్కన బూడిదరంగు నీడలా మీకు అది కనబడుతుంది.

కాబట్టి వరుస ముఖ్యం. స్విచ్‌లో System Settings, అందులో TV Settings, అందులో Adjust Screen Size తెరిచి 100 శాతం చేయండి. ఆ తెరను అలాగే ఉంచి టీవీ రిమోట్ తీసుకోండి. బొమ్మ పరిమాణానికి సంబంధించిన అమరిక పేరు ఒక్కొక్క కంపెనీలో ఒక్కొక్క రకంగా ఉంటుంది: ఎల్‌జీ టీవీల్లో Aspect Ratio కింద Just Scan అని, శామ్‌సంగ్‌లో Picture Size కింద Screen Fit లేదా Fit to Screen అని, సోనీలో Display Area కింద Full Pixel అని ఉంటుంది. దాన్ని ఎంచుకున్న క్షణంలోనే బొమ్మ కొద్దిగా లోపలికి జరుగుతుంది, స్విచ్ తెర అంచుల దగ్గర చూపించే గుర్తులు నాలుగు వైపులా పూర్తిగా కనబడతాయి. అలా కనబడితే పని అయినట్టే.

మా మేనల్లుడి టీవీలో మాత్రం అలాంటి పేరు ఎంత వెతికినా దొరకలేదు. చివరికి ఇన్‌పుట్‌ల జాబితాలో HDMI 1 పేరును PC అని మార్చాము. కంప్యూటరు బొమ్మకు అంచులు కోయకూడదని చాలా టీవీలకు ముందే చెప్పి ఉంచుతారు గనుక, పేరు మారగానే ఓవర్‌స్కాన్ ఆగిపోయింది. గుండె గుర్తులు నిండుగా వచ్చాయి, అక్షరాల పక్కన నీడ కూడా పోయింది. రంగులు కొంచెం మారినట్టు అనిపిస్తే పిక్చర్ మోడ్‌ను మళ్లీ ఎంచుకోవాలి. మేము Game మోడ్ పెట్టుకున్నాము.

రెండు రోజులకు వాడు ఫోన్ చేసి మళ్లీ పాత కథే మొదలైందన్నాడు. అడిగితే, సెట్‌టాప్ బాక్సు కోసం వాళ్ల నాన్న కేబుళ్లు అటూ ఇటూ మార్చారని తెలిసింది. ఇలాంటి అమరికను చాలా టీవీలు ఒక్కొక్క హెచ్‌డీఎంఐ రంధ్రానికి విడివిడిగా గుర్తుపెట్టుకుంటాయి. HDMI 2కు మారితే అక్కడ మళ్లీ చేయాలి.

మీ టీవీలో కోత నాలుగు వైపులా సమానంగా ఉందో లేదో కూడా ఒకసారి చూడండి. పైనా కిందా మాత్రమే పోయి, పక్కలు బాగానే ఉంటే అది ఓవర్‌స్కాన్ కాదు; పాత ఛానళ్ల 4:3 బొమ్మ కోసం ఎవరో Zoom పెట్టి వదిలేసి ఉండవచ్చు. అప్పుడు 16:9కు మార్చితే చాలు. దీనికి భిన్నంగా, ఇప్పుడు చుట్టూ నల్లని అంచు కనబడుతుంటే టీవీలో కోత ఆగింది కానీ స్విచ్‌లో ఇంకా 95 శాతమే ఉందని అర్థం.

32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీ ఉన్నవారికి ఒక పరిమితి ఉంది. వాటిలో చాలావాటి తెర 1366 × 768 చుక్కలది. 720 పంపినా 1080 పంపినా టీవీ ఒకసారి కొలత మార్చక తప్పదు. అంచులు పూర్తిగా తెచ్చుకోవచ్చు కానీ చుక్కకు చుక్క సరిపోయే స్పష్టత రాదు. TV Resolutionలో రెండూ పెట్టి చూసి, అక్షరాలు ఏది బాగుంటే అది ఉంచుకోవడం మేలు.

టీవీలో ఏ దారీ లేకపోతేనే స్విచ్‌లో తగ్గించండి. అప్పుడు కూడా ఒక్కొక్క శాతం దిగుతూ, గుర్తులు కనబడిన మొదటి అంకె దగ్గరే ఆగండి. ప్లేస్టేషన్ 4 వాడేవారు Sound and Screenలోని Display Area Settings చూడవచ్చు, కానీ ఆ అమరికను అన్ని ఆటలూ పాటించవు. అందువల్ల హోమ్ స్క్రీన్ సరిపోయినా ఆటలో సూచికలు తెగే ఉంటే, ఆ ఆట సొంత ఆప్షన్లలో స్క్రీన్ అంచుల అమరిక ఉందేమో వెతకండి.