పాత గిటార్ కొనేముందు తీగలు బిగించి చూడు

చి. సాయికి,

శ్రీకాకుళంలో ఎవరిదో పాత గిటార్ బేరానికొచ్చిందని, ఆదివారం వెళ్లి తెచ్చేసుకుంటావని మీ అమ్మ చెప్పింది. సంబరమేరా, కాదనను. కానీ ఫోటో చూసి అడ్వాన్స్ పంపేస్తావేమోనని భయం పట్టుకుంది. పంపకు. చేతిలోకి తీసుకుని చూశాకే డబ్బు మాట.

పగుళ్లు, వదులు కీలు నీ కంటికే కనిపిస్తాయి. వెంట 60 సెంటీమీటర్ల స్టీలు స్కేలు, మిల్లీమీటర్ల గీతలున్న చిన్న స్కేలు, ఒక విజిటింగ్ కార్డు, తెల్లకాగితం పట్టుకెళ్లు. ఫోన్లో ట్యూనర్ ఉంటే చాలు.

అందరూ దెబ్బతినేది ఒక్కచోటే. చాలాకాలం మూలనున్న గిటార్‌కి తీగలు వదులుగా ఉంటాయి. వదులు తీగ మెడనీ లాగదు, పెట్టె మీద తీగల కొసలు పట్టుకునే చెక్క అయిన బ్రిడ్జ్‌నీ లాగదు. తీగలు కిందికి ఉన్నట్టు, వేలికి మెత్తగా తగులుతున్నట్టు ఉంటుంది. మురిసిపోయి కొనేస్తారు. ఇంటికొచ్చి శ్రుతి చేశాక తీగలు లేచిపోతాయి, వారంలో బ్రిడ్జ్ వెనక సందు తేలుతుంది. స్టీలు తీగలు ఆరూ సరైన శ్రుతిలో ఉంటే వాటి లాగుడు మొత్తం 70 కిలోల పైచిలుకు, ఒక మనిషి బరువంత. ఆ బరువు పడకుండా ఈ లోపాలు బయటపడవు. అందుకే ముందు శ్రుతి చెయ్యి, పావుగంట ఆగు, మళ్లీ సరిచెయ్యి, అప్పుడు చూడు. "తీగ తెగిపోతుంది, బిగించకు" అని అమ్మేవాడు అడ్డుపడితే లేచి వచ్చెయ్. కొత్త తీగల సెట్టు డబ్బులు నేనిస్తానని చెప్పినా ఒప్పుకోకపోతే ఆ గిటార్‌లో ఏదో ఉన్నట్టే.

ఇక మెడ. తల వైపు నుంచి అంచు వెంబడి చూడు, మెలి తిరిగి ఉంటే అక్కడితో ఆపెయ్. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లే ఫ్రెట్లు. మెలి లేకపోతే లావు తీగని 1వ ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, 14వ ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కు. 7వ ఫ్రెట్‌కీ తీగకీ మధ్య విజిటింగ్ కార్డు మందమంత, అంటే పావు మిల్లీమీటరు అటూఇటూగా సందుంటే బాగున్నట్టు. మిల్లీమీటరు దాకా ఉంటే మెడ ముందుకు వంగింది. అది మెడ లోపలుండే ఇనుప కడ్డీ, ట్రస్ రాడ్, బిగిస్తే సర్దుకునే జబ్బు.

ఇప్పుడు 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ ఎత్తు కొలువు. రెండున్నర మిల్లీమీటర్లయితే హాయిగా వాయించవచ్చు. నాలుగు వచ్చిందనుకో, "రాడ్ తిప్పితే సరిపోతుంది" అంటారు. నమ్మకు. 7వ ఫ్రెట్ దగ్గర కార్డు సందే ఉండి ఇక్కడ నాలుగొస్తే, తప్పు రాడ్‌ది కాదు. పొడవాటి స్కేలుని నడిమి తీగల మధ్య నుంచి ఫ్రెట్ల మీద ఆనించి బ్రిడ్జ్ దాకా జరుపు. దాని కొస బ్రిడ్జ్ పైఅంచుకి సరిగా అందాలి. రెండు మిల్లీమీటర్లు కిందికి తగిలితే మెడ కోణం పోయిందో, పై పలక ఉబ్బిందో అనుకో. బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సన్నపట్టీ సాడిల్. దాన్ని అరగదీసి దించుదామంటే లెక్క కుదరదు: 12వ ఫ్రెట్ దగ్గర ఒక మిల్లీమీటరు తగ్గాలంటే సాడిల్ రెండు తగ్గాలి. నీకు తగ్గాల్సింది ఒకటిన్నర, అంటే సాడిల్‌లో మూడు. అది బ్రిడ్జ్ పైన రెండే కనిపిస్తుంటే అరగదీయడానికి ఏముంది? మెడ ఊడదీసి మళ్లీ అతికించే పనికి గిటార్ ధరని మించి అవుతుంది. వదిలెయ్.

బ్రిడ్జ్ వెనక అంచు కింద కాగితం మూల దూర్చి చూడు. దూరకపోతే మంచిది. అంచులో ఒక మిల్లీమీటరు దూరడం జిగురు అక్కడిదాకా లేకపోవడం వల్ల కావచ్చు. మూడు, నాలుగు లోపలికి పోతే జిగురు విడుస్తోంది. బ్రిడ్జ్ వెనక పలక కొద్దిగా ఉబ్బడం మామూలే, మన వైపు వానాకాలపు తేమకి ఇంకొంచెం లేస్తుంది కూడా. ఊడిన బ్రిడ్జ్‌ని ఎవరైనా పైనుంచి మరమేకులు కొట్టి ఆపారేమో చూడు, వాటి కింద పలక చీలి ఉంటుంది.

ఫ్రెట్లు చివర చూడు. బొబ్బిలి వీణకి మెట్లు మైనంలో కూర్చుంటాయి, మైనం కరిగించి మళ్లీ సర్దుకోవచ్చు. గిటార్ ఫ్రెట్ చెక్క గాడిలో కొట్టి దిగేసినది, మార్చడం పెద్దపని. మొదటి మూడు ఫ్రెట్ల మీద, సన్న తీగల కింద గోరు జరిపితే గుంటలు తెలుస్తాయి. గోరుకి కొద్దిగా తట్టేవి ఆకురాయితో సమం అవుతాయి. కొత్త ఫ్రెట్ ఎత్తు సుమారు ఒక మిల్లీమీటరు, గుంట అందులో సగం తినేస్తే మార్చాల్సిందే. తర్వాత ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి మీటు. తొందరపడకు నాయనా, ఎంతసేపైనా పట్టనీ. 2వ ఫ్రెట్ దగ్గర నొక్కితే గరగరమంటే అదే అరిగిందో, 3వది లేచి ఉందో.

మెడా బ్రిడ్జ్ బాగుండి ఫ్రెట్లకి గుంటలే ఉంటే, సమం చేసే ఖర్చు అడిగి ఆ మేరకు ధర తగ్గించమను. తెచ్చేటప్పుడు తీగలు ఒక స్వరం తగ్గించి తీసుకురా, ఎండలో ఆపిన కారు డిక్కీలో మాత్రం పెట్టకు, ఆ వేడికి బ్రిడ్జ్ జిగురు మెత్తబడుతుంది.

మీ పెదనాన్న