ఒంటె ఎందుకు అరుస్తోందో ముందు తెలుసుకో

బిడ్డా శీనూ,

పెళ్లి బరాత్‌లకు తిప్పడానికి ఒంటెను కొంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషమైంది, గుబులూ పట్టుకుంది. మేత, నీళ్లు, నీడ సంగతి అమ్మేవాళ్లే చెప్తారు. అరుపు సంగతి ఎవరూ చెప్పరు, అందుకే ఇది.

జీను చేతిలో కనబడగానే ఒంటె మూలుగుతుంది, గట్టిగా అరుస్తుంది. చాలాసార్లు అది అలవాటే: "మళ్లీ బరువా?" అని. లేచి ఇరవై అడుగులు నడిచేసరికి ఆ గొడవ ఆగిపోతుంది. అందరూ చేసే పాత తప్పు ఇక్కడే ఉంది. ఎప్పుడూ అరిచేదే కదా అని చెవిన పెట్టరు, అరిచినకొద్దీ పట్టీ ఇంకా బిగిస్తారు. అలవాటు అరుపులో నొప్పి అరుపు కలిసిపోతుంది, పుండు పడ్డాక గానీ తెలియదు.

నువ్వు ఇలా చెయ్యి. దాన్ని కూర్చోబెట్టి, హఠాత్తుగా లేవకుండా ముందు కాలు మోకాలి దగ్గర మడిచి కట్టు. జీను వేయకముందే మూపురానికి రెండు వైపులా అరచేతితో మెల్లగా నొక్కుతూ పో. ఒక్కచోట చెయ్యి పడగానే వీపు దించినా, తల గిరుక్కున తిప్పినా, అరుపు పెరిగినా అక్కడ నొప్పి ఉన్నట్టే. ఉదాహరణకు ఎప్పుడూ ఎడమవైపే అరుస్తోందనుకో. జీను తిరగేసి ఆ వైపు మెత్తను వేళ్లతో పిసుకు. లోపలి గడ్డి ఉండకట్టి రాయిలా తగులుతుంది. కుట్లు విప్పి ఆ గడ్డి తీసేసి, కొత్తది సమంగా నింపు. చర్మం వేడిగా, ఉబ్బుగా ఉంటే అది తగ్గేదాకా జీను వేయొద్దు, ఎంత బయానా తీసుకున్నా సరే. పట్టీ ఒకేసారి బిగించకు: సగం బిగించి, లేపి, నాలుగడుగులు నడిపించి మిగతాది బిగించు. నడిచాక కూడా అరుపు ఆగకపోతే కూర్చోబెట్టి మళ్లీ మొదటి నుంచి చూడు.

ఉమ్మడం వేరే సంగతి. అది వట్టి ఎంగిలి కాదు, కడుపులోంచి పైకి తెచ్చిన పుల్లటి పచ్చటి మేత. భయపడినప్పుడు, దారి మూసి మీదికి పోయినప్పుడు "దగ్గరికి రాకు" అని అలా చెప్తుంది. ముందుగా బుగ్గలు ఉబ్బుతాయి, మెడ పైకి లేస్తుంది. అప్పుడు మొహానికి ఎదురుగా నిలబడకు. పక్కకు జరిగి, పేరు పెట్టి పిలుస్తూ భుజం వైపు నుంచి పో. కొట్టావంటే నీ చెయ్యి కనబడినప్పుడల్లా ఉమ్ముతుంది.

నా అసలు భయం మగ ఒంటె గురించి. మన దగ్గర దానికి మదం వచ్చేది చలికాలంలోనే, నీ పెళ్లిళ్ల గిరాకీ కూడా అప్పుడే. నోటి పక్క నుంచి గులాబీ రంగు తిత్తి బుడగలా వేలాడుతుంది, గొంతులో గుడగుడమంటుంది, నురగ కారుతుంది, తల వెనక నల్లటి వాసన జిగురు ఊరుతుంది. దాన్ని మామూలు అరుపు, ఉమ్ము అనుకోకు. అప్పుడది కరిస్తే చేతి ఎముక నలిగిపోతుంది. ఆ రోజుల్లో పటాకులు, బ్యాండు, పిల్లల మధ్యకు దాన్ని తోలకు బిడ్డా. చలికాలం బరాత్‌లే నీ ఆలోచనైతే ఆడ ఒంటెనే చూడు.

జీను కొన్నాక మెత్త కుట్టించకముందు ఒకసారి ఇంటికి పట్టుకురా, చేత్తో నొక్కి చూస్తా.

మీ పెద్దబాపు