మళ్లీ మళ్లీ మొదలయ్యే ఆఫర్ గడియారం: చట్టం ఏమంటుంది?

*నేను మంగళగిరి చేనేత చీరలను సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతున్నాను. పండుగ ఫ్లాష్ సేల్ కోసం, సైటు తయారుచేసిన అబ్బాయి ‘ఆఫర్ ముగియడానికి ఇంకా 2 గంటలు’ అని చూపే గడియారం, ప్రతి చీర కింద ‘3 మాత్రమే మిగిలాయి’ అనే వాక్యం పెట్టాడు. ఒక కస్టమరు రెండు ఫోన్లలో అదే పేజీ తెరిచి, రెండింటిలో వేర్వేరు సమయాలు కనిపిస్తున్న స్క్రీన్‌షాట్లు పంపి, ‘ఇది మోసం కాదా?’ అని అడిగారు. అందరూ ఇలాగే పెడతారని ఆ అబ్బాయి అంటున్నాడు. చట్టరీత్యా ఇది తప్పేనా? మరి సేల్ ఎలా నడపాలి?*
*— ఒక పాఠకురాలు, మంగళగిరి*

తప్పే. మీ కస్టమరు పంపిన ఆ రెండు స్క్రీన్‌షాట్లే అందుకు సాక్ష్యం. నిజంగా రాత్రి 9 గంటలకు ముగిసే సేల్ అయితే ఏ ఫోనులో చూసినా మిగిలిన సమయం ఒకటే ఉండాలి. మీ గడియారం సేల్ ముగింపును లెక్కపెట్టడం లేదు. ఎవరు ఎప్పుడు పేజీ తెరిస్తే అప్పటి నుంచి రెండు గంటలు లెక్కపెడుతోంది. మరో ఫోనులో తెరిచినా, బ్రౌజరు దాచుకున్న సమాచారాన్ని చెరిపేసినా మళ్లీ మొదటికి వస్తుంది. ఇంకొక పరీక్ష మీరే చేసి చూడండి. గడియారం సున్నాకు చేరాక పేజీని మళ్లీ తెరవండి. ధర మారకపోతే, ముగుస్తుందని చెప్పిన ఆఫర్ ముగియనే లేదన్నమాట.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌ల నివారణ మార్గదర్శకాలను నోటిఫై చేసింది. కొనేవారిని తప్పుదోవ పట్టించే 13 పద్ధతులను అందులో పేర్కొన్నారు. వాటిలో మొదటిదే తప్పుడు తొందర పెట్టడం. సమయం లేదని గానీ, సరుకు అయిపోతోందని గానీ అబద్ధపు భావన కలిగించి వెంటనే కొనేలా చేయడం ఈ కోవలోకి వస్తుంది. ఉన్న సరుకును ఉన్నదానికంటే తక్కువగా చూపడాన్ని అక్కడ ప్రత్యేకంగా ప్రస్తావించారు. ఈ మార్గదర్శకాలు పెద్ద ప్లాట్‌ఫామ్‌లకే కాదు, అమ్మకందారులకూ ప్రకటనదారులకూ వర్తిస్తాయి. కాబట్టి అందరూ పెడుతున్నారన్న మాట మీకు రక్షణ కాదు. సైటు ఎవరు తయారుచేసినా, దాని మీద కనిపించే మాట మీ దుకాణం చెప్పిన మాటే అవుతుంది.

అలాగని గడియారం పెట్టడమే నేరమని భయపడకండి. ఫ్లాష్ సేల్‌ను ఈ మార్గదర్శకాలు నిషేధించలేదు. అబద్ధాన్నే నిషేధించాయి. ఆ తేడా ఎక్కడుందో మీ చీరలతోనే చెబుతాను.

మీ దగ్గర 100 చీరలు ఉన్నాయనుకుందాం. మామూలు ధర 2,400 రూపాయలు. వాటిలో 40 చీరలను శుక్రవారం సాయంత్రం 6 నుంచి రాత్రి 9 వరకు 1,900 రూపాయలకు ఇవ్వదలచారు. అప్పుడు పేజీ మీద ‘ఈ ధరకు 40 చీరలు, శుక్రవారం రాత్రి 9 గంటల వరకు’ అని రాయండి. అది అక్షరాలా నిజం. అదే ‘40 చీరలే మిగిలాయి’ అని రాస్తే అబద్ధం, ఎందుకంటే బీరువాలో ఇంకో 60 ఉన్నాయి. రెండు వాక్యాల్లోనూ అంకె ఒకటే. మొదటిది మీరు పెట్టుకున్న పరిమితిని చెబుతోంది, రెండోది లేని కొరతను చెబుతోంది. కేసు విచారణకు వస్తే ఎదుటి న్యాయవాది మొదట పట్టుకునేది ఈ తేడానే.

ఇక లెక్క. ఏడున్నరకు సైటులో 31 చీరలు అమ్ముడయ్యాయి, ఈ ధరకే దుకాణంలో ఒకటి, వాట్సాప్ ఆర్డరు మీద మరొకటి పోయాయి. పేజీ మీద కనిపించాల్సిన అంకె 7. చిన్న వ్యాపారుల దగ్గర ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. సైటు లెక్క వేరు, దుకాణం పుస్తకం వేరు, వాట్సాప్ ఆర్డర్లు ఇంకొకరి ఫోనులో. మోసం చేయాలన్న ఉద్దేశం లేకపోయినా అంకె అబద్ధమవుతుంది. సేల్ నడిచే మూడు గంటలూ ఎక్కడ అమ్మినా ఒకే లెక్కలోంచి తగ్గించండి. అది వీలుకాకపోతే మిగిలిన సంఖ్య అసలు చూపకండి. చూపి తీరాలని ఏ చట్టమూ చెప్పలేదు. ఎవరో చెల్లింపు సగంలో ఆపేస్తే ఆ చీర తిరిగి లెక్కలోకి వచ్చి 7 కాస్తా 8 అవుతుంది. అవనివ్వండి, నిజమైన లెక్క ఒక్కోసారి పెరుగుతుంది కూడా.

గడియారాన్ని సర్వర్ సమయానికి, ఒకే ముగింపు క్షణానికి కట్టమని మీ సైటు అబ్బాయికి చెప్పండి. పక్కనే తేదీ, గంట మాటల్లో కూడా ఉండాలి. తొమ్మిది కాగానే ధర దానంతట అదే 2,400 కావాలి. కొన్ని చీరలు మిగిలిపోయాయని ‘మీ కోరికపై మరో రోజు పొడిగించాం’ అనకండి. ఎవరూ కోరలేదుగా. సైటు గంటసేపు ఆగిపోయిన రోజున మాత్రం ఆ కారణం రాసి, ఆ గంట వరకే పొడిగించవచ్చు.

మళ్లీ ఎన్ని రోజులకు సేల్ పెట్టవచ్చని మీకు సందేహం రావచ్చు. ఈ మార్గదర్శకాలు అందుకు గడువేమీ పెట్టలేదు. కానీ ప్రతి శుక్రవారం 1,900కే ఇస్తుంటే అదే మీ అసలు ధర అవుతుంది. అప్పుడు గీత కొట్టి చూపే 2,400 కూడా ప్రశ్నకు గురవుతుంది. మధ్య రోజుల్లో 2,400కు నిజంగా అమ్మిన బిల్లులు మీ దగ్గర ఉండాలి.

శిక్ష విషయంలో మీకు తెలియాల్సింది ఒకటుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనను ఆపమని లేదా సరిచేయమని 21వ సెక్షన్ కింద అథారిటీ వ్యాపారిని ఆదేశించవచ్చు. అదే సెక్షన్ తయారీదారుకు 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించే అధికారం ఇస్తుంది. ‘నేను నేయను, అమ్ముతానంతే’ అని మీరు అనవచ్చు. కానీ ఇతరులు తయారుచేసిన సరుకు మీద సొంత గుర్తు వేసుకునేవారిని కూడా ఈ చట్టం తయారీదారుగానే నిర్వచించింది. మీ చీరలకు మీ బ్రాండ్ లేబుల్ ఉంటే ఈ మాట మీకు తగులుతుంది. జరిమానా నిర్ణయించేటప్పుడు ఎంతమందిపై ప్రభావం పడింది, ఎంతకాలం ఎన్నిసార్లు జరిగింది, ఆ అమ్మకాల రాబడి ఎంత అన్నవి చూస్తారు. మీ వాదన వినకుండా ఉత్తర్వు ఇవ్వరు. అథారిటీ సంగతి అలా ఉంచి, కొన్నవారు నేరుగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్లవచ్చు.

అందుకే ప్రతి సేల్‌కూ ఒక పేజీ కాగితం పెట్టుకోండి. మొదలైన సమయం, ముగిసిన సమయం, కేటాయించిన చీరలు, అంతకు ముందు నెల బిల్లులు, తొమ్మిది దాటాక ధర మారిన స్క్రీన్‌షాట్ అందులో ఉంటే చాలు.

ఇక ఆ కస్టమరు. ముందు ఈ రోజే గడియారాన్ని, ‘3 మాత్రమే’ అన్న వాక్యాన్ని తీయించండి. తీసేముందు ఇప్పుడున్న పేజీని భద్రపరచండి, సాక్ష్యం చెరిపేశారన్న మాట రాకూడదు. తర్వాత ఆమెకు రాయండి: ‘మీరు చెప్పింది నిజం. ఆ గడియారం సేల్ ముగింపును చూపలేదు. తీసేశాం. ఆ తొందరలో మీరు చీర కొని ఉంటే, వద్దనుకుంటే తిరిగి పంపండి, రవాణా ఖర్చు మాది, పూర్తి డబ్బు ఇస్తాం.’ ఆ రోజుల్లో కొన్న మిగతావారికీ ఇదే అవకాశం ఇవ్వండి. సైటు అబ్బాయి మీద నెపం పెట్టే వాక్యం మాత్రం ఆ ఉత్తరంలో రాయకండి.