చార్టులో ప్రమేయాల గడి

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

సామాజిక స్తరీకరణ మీద, అంటే సమాజంలో మనుషులు పై మెట్టు, కింది మెట్టుగా ఎందుకు విడిపోతారన్న దాని మీద, నువ్వు వేసి పంపిన చార్టు ఫొటోలు చూశాను. మూడు పేజీలు, నాలుగు రంగులు. డేవిస్, మూర్ ఏమన్నారో అందులో ఉంది, మార్క్స్ ఏమన్నాడో ఉంది. ఆ రెండు పక్షాలకీ పేచీ ఎక్కడ వచ్చిందో మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. చార్టు వేసుకునేది ఆ పేచీ కనబడడానికే కదమ్మా!

ఈసారి ఒక్క ఏ4 కాగితం అడ్డంగా పెట్టుకో. నీ రీడింగ్‌లో ఉన్నవి డేవిస్-మూర్‌ది, మార్క్స్‌ది, వెబర్‌ది, మూడు సిద్ధాంతాలు కాబట్టి మూడు అడ్డ వరుసలు చాలు. నిలువు వరుసలు నాలుగు: అడుగుతున్న ప్రశ్న, వాదన, ప్రమేయాలు, విమర్శ. గడికి పాతిక మాటలు దాటనివ్వకు. ప్రమేయాల గడి, విమర్శ గడి మాత్రం కాస్త వెడల్పుగా గీసుకో.

ప్రశ్నకు వేరే గడి ఎందుకంటే, మూడు సిద్ధాంతాలూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదు. డేవిస్, మూర్ 1945లో రాసింది పదవుల గురించి: ఒక పదవికి ఇంకో పదవి కన్నా ఎక్కువ ప్రతిఫలం ఎందుకు? ఆ పదవిలోకి ఏ మనిషి ఎలా చేరాడన్నది వాళ్ళు వేరుగా పెట్టిన సంగతి. వెబర్‌ది సమాజంలో అధికారం ఎలా పంపిణీ అవుతుందన్న ప్రశ్న. అది రాసుకోకపోతే ఒకరి ప్రశ్నకు ఇంకొకరి చేత జవాబు చెప్పిస్తావు.

ఇక నువ్వు తడబడింది ప్రమేయాల దగ్గర. డేవిస్-మూర్ వాదన గడిలో 'ముఖ్యమైన పదవుల్లోకి తగినవాళ్ళు రావాలంటే ఎక్కువ ప్రతిఫలం ఇవ్వాలి, కాబట్టి అసమానత ఏ సమాజంలోనైనా తప్పదు' అని సరిగ్గానే రాశావు. పక్క గడిలో మళ్ళీ అదే మాట తిప్పి రాశావు. ప్రమేయం అంటే ఆ వాదన నిలబడడానికి ముందే నిజమని ఒప్పుకోవాల్సిన సంగతి. ఒక వాక్యం రాసి, అది అబద్ధమనుకుని చూడు. వాదన కూలితే అది ప్రమేయమే. ఇక్కడ నాకు నాలుగు కనబడ్డాయి, నంబర్లు వేసి రాస్తున్నాను: 1. ఏ పదవి ఎక్కువ ముఖ్యమో తేల్చవచ్చు. 2. వాటికి పనికొచ్చే ప్రతిభ కొద్దిమందికే ఉంటుంది. 3. శిక్షణ పొందడమంటే త్యాగం చేయడం. 4. పెద్ద ప్రతిఫలం లేకపోతే ఆ త్యాగానికి జనం ముందుకు రారు.

ఇప్పుడు డేవిస్-మూర్ వాదన మీద 1953లో ట్యూమిన్ అనే సామాజిక శాస్త్రవేత్త చేసిన విమర్శ తీసుకుని ఒక్కొక్క ముక్కా ఏ నంబరుకు తగులుతుందో చూడు. ముఖ్యమైన పదవి అని దేన్నిబట్టి అంటావు, జీతాన్ని చూసా? అలాగైతే తిరిగి మొదటికే వచ్చావు. ఇది ఒకటో నంబరుకు. కింది వర్గాల పిల్లలకు అవకాశమే దక్కని చోట ప్రతిభ ఎంతమందికి ఉందో ఎలా తెలుస్తుంది? రెండుకు. చదువు ఖర్చు చాలాసార్లు తల్లిదండ్రులే భరిస్తారు, ఆ కాలంలో పోయిన సంపాదన తర్వాత కొన్నేళ్ళలోనే తిరిగి వస్తుంది. మూడుకు. పనిలో ఆనందం, నలుగురికి సేవ చేస్తున్నామన్న తృప్తి కూడా మనిషిని కదిలిస్తాయి. నాలుగుకు. విమర్శ గడిలో ప్రతి ముక్క ముందూ ఆ నంబరు వెయ్యి. ఏ నంబరూ దొరకని విమర్శ మిగిలితే, ముందు నువ్వు వదిలేసిన ప్రమేయం ఏదైనా ఉందేమో వెతుకు. నాకు చాలాసార్లు అలాగే ఐదోది దొరికేది.

ఒక్క జాగ్రత్త. ట్యూమిన్ డేవిస్, మూర్‌ల లెక్కలోకే దిగి తప్పు చూపించాడు. 'ఈ సిద్ధాంతం దోపిడీని కప్పిపుచ్చుతుంది' అన్న విమర్శ అలాంటిది కాదు, అది మార్క్స్ ప్రమేయాలను ఒప్పుకున్నవాళ్ళకే తగులుతుంది. తప్పని కొట్టేయకు, పక్కన చుక్క పెట్టి ఎవరి వైపు నుంచి వచ్చిందో రాయి.

మార్క్స్ వరుసకూ ఇదే పద్ధతి. ఉత్పత్తి సాధనాలు ఎవరివో పెత్తనం వాళ్ళదే అన్న ప్రమేయం రాసుకుంటేనే, పెద్ద కంపెనీల్లో వాటాలు ఒకరివి, నడిపే మేనేజర్లు వేరొకరు అన్న డారెన్‌డార్ఫ్ అభ్యంతరం ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది. వెబర్ దగ్గర వర్గం, హోదా, పార్టీ మూడూ వేర్వేరని రాసి ఊరుకోకు. మార్కెట్‌లో స్థితిని బట్టి వర్గాలు విడదీస్తూ పోతే ఎన్ని దగ్గర ఆగాలన్న విమర్శ కూడా చేర్చు.

నా చదువు రోజుల్లో ప్రతి సిద్ధాంతం కిందా 'ఏకపక్షం', 'మరీ సాధారణీకరణ' అని రాసేవాణ్ణి. వాటిని ఏ వరుసలోకి మార్చినా అతికేవి. అందుకని చార్టు పూర్తయ్యాక ఎడమవైపు పేర్ల మీద స్కేలు పెట్టి మూసి, విమర్శలు మాత్రం చదువు. ఏది ఎవరి మీదో చెప్పలేకపోయిన గడి చెరిపి మళ్ళీ రాయి. ప్రతి గడి మూలన రీడింగ్‌లో పేజీ నంబరు వేసుకో, పరీక్ష ముందు వెతుకులాట తప్పుతుంది.

ముందు మార్క్స్ వరుస ఒక్కటే వేసి ఫొటో పంపు. మిగతాది ఆదివారం ఫోన్‌లో చూద్దాం.

మీ మావయ్య