తీపి బాదం గింజ నాటితే చేదు పప్పు ఎందుకు కాసింది?

ప్రశ్న: తియ్యని బాదం గింజలు నాటి పెంచిన నాలుగు చెట్లు కాపుకొచ్చాయి. మూడింటి పప్పు తీపి, ఒకదాని పప్పు నోట పెట్టలేనంత చేదు. ఆప్రికాట్ టెంకల్లోని పప్పు కూడా అలాగే చేదుగా ఉంది. చేదు పప్పులో సైనైడ్ ఉంటుందంటున్నారు, నిజమేనా? వేయించి తినవచ్చా? చేదు చెట్టును కొట్టేయాలా?

జవాబు: ముందుగా ఒక జాగ్రత్త చెబుతాను. ఆ చెట్టు కాయలను, ఆప్రికాట్ పప్పును తీపి పప్పుతో కలవకుండా వేరే సంచుల్లో కట్టి, పిల్లలకు అందని చోట పెట్టండి. ఒకసారి కలిసిపోతే రంగును బట్టి గానీ ఆకారాన్ని బట్టి గానీ వాటిని వేరు చేయలేరు.

చెక్కుచెదరని చేదు పప్పులో సైనైడ్ విడిగా దాదాపు ఉండదు. అమిగ్డాలిన్ అనే పదార్థం రూపంలో అది చక్కెరతో ముడిపడి ఉంటుంది. ఆ ముడిని విప్పే ఎంజైములూ అదే పప్పులో ఉంటాయి గానీ, పప్పు చెదరనంత కాలం ఆ రెండూ వేర్వేరు అరల్లో ఉండిపోతాయి. పప్పును కొరికినా, దంచినా, నీళ్లు పోసి నూరినా అరలు పగిలి రెండూ కలుస్తాయి. అప్పుడు అమిగ్డాలిన్ నుంచి రెండు గ్లూకోజ్ అణువులు ఒకదాని తరువాత ఒకటి ఊడిపోయి, మిగిలిన భాగం బెంజాల్డిహైడ్‌గా, హైడ్రోజన్ సైనైడ్‌గా విడిపోతుంది. ఎండు చేదు పప్పుకు పెద్దగా వాసన ఉండదు. దానిని నలిపి కాస్త తడి చేస్తే కొద్దిసేపట్లోనే ఘాటైన బాదం వాసన లేస్తుంది. ఆ వాసన బెంజాల్డిహైడ్‌ది. అది వచ్చిందంటే పక్కనే సైనైడ్ కూడా వెలువడుతున్నదని అర్థం. సైనైడ్ సొంత వాసనను పసిగట్టలేని వాళ్లు చాలామంది ఉన్నారు కనుక వాసన లేదన్న ధైర్యంతో తినడం పొరపాటు.

మోతాదును లెక్కవేసి చూద్దాం. ఒక గ్రాము అమిగ్డాలిన్ పూర్తిగా విడిపోతే సుమారు 59 మిల్లీగ్రాముల హైడ్రోజన్ సైనైడ్ వస్తుంది. చేదు బాదంలో అమిగ్డాలిన్ కిలోకు 40 గ్రాముల వరకు ఉన్నట్లు విశ్లేషణల్లో కనిపించింది. ఆ లెక్కన ఒక గ్రాము బరువుండే ఒక్క పప్పు నుంచి దాదాపు 2.4 మిల్లీగ్రాములు వెలువడవచ్చు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2016లో ఒక పూట తీసుకున్నా హాని లేని పరిమితిని శరీర బరువులో కిలోకు 0.02 మిల్లీగ్రాములుగా నిర్ణయించింది. అంటే 15 కిలోల పిల్లవాడికి 0.3 మిల్లీగ్రాములు. ఒక్క చేదు బాదం పప్పు దానికి ఎనిమిది రెట్లు అవుతుంది. పచ్చి ఆప్రికాట్ పప్పులు చిన్నవైనా సరే, ఒకేసారి మూడుకు మించి తింటే పెద్దవాళ్లు కూడా పరిమితి దాటవచ్చని, పసిపిల్లలకైతే ఒక్క చిన్న పప్పుతోనే ఆ ప్రమాదం ఉందని అదే సంస్థ హెచ్చరించింది. ఆప్రికాట్ పండు గుజ్జుతో మాత్రం ఈ భయం లేదు.

కొద్దిపాటి సైనైడ్‌ను శరీరం గంధకంతో కలిపి థయోసైనేట్‌గా మార్చి మూత్రంలో బయటకు పంపగలదు. ఆ వేగాన్ని మించి విషం చేరితే కణాలు రక్తంలోని ప్రాణవాయువును వాడుకోలేవు. తలనొప్పి, తల తిరగడం, వాంతులు, వేగంగా ఊపిరి తీయడం, తికమక దాని తొలి గుర్తులు. చేదు పప్పు తిన్న తరువాత వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యంతో కాలయాపన చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, తిన్న పప్పును కూడా చూపించాలి. ఈ పప్పునే ‘విటమిన్ బి17’ పేరుతో మందుగా అమ్మేవారున్నారు. అమిగ్డాలిన్ విటమిన్ కాదు.

వేయించడం గురించి అడిగారు. వేడికి ముందు చెడిపోయేది ఎంజైము. అమిగ్డాలిన్ చాలావరకు మిగిలిపోతుంది. మన పేగుల్లోని సూక్ష్మజీవులకు సొంతంగా అలాంటి ఎంజైములు ఉన్నాయి కనుక ముడి విప్పే పని కడుపులో కొనసాగుతుంది. పొడి చేసి నానబెట్టి, నీళ్లు మార్చి ఉడకబెడితే విషం తగ్గే మాట నిజమే అయినా, ఎంత మిగిలిందో ఇంట్లో కొలిచే దారి లేదు కాబట్టి ఆ పని చేయమని నేను చెప్పను. నూనె తీసినా అమిగ్డాలిన్ ఎక్కువగా పిండిలోనే ఉండిపోతుంది. ఆ పిండిని తడిపి పశువులకు పెట్టకండి.

ఇక మీ నాలుగు చెట్ల సంగతి. తీపి బాదం వేరే జాతి కాదు, చేదు బాదంలో ఒకే ఒక్క జన్యువు మారిన రూపం. కాయ లేతగా ఉన్నప్పుడు పప్పును కప్పి ఉండే పొరలో ప్రునాసిన్ అనే పదార్థం తయారై, పప్పులోకి చేరి అమిగ్డాలిన్‌గా మారుతుంది. ఆ తయారీకి కావలసిన రెండు జన్యువులను పని చేయించే మరొక జన్యువు ఉంది. తీపి బాదంలో ఆ నియంత్రక ప్రోటీనులో ఒక్క అమైనో ఆమ్లం, అంటే ల్యూసిన్ స్థానంలో ఫినైల్‌అలనిన్, మారిందని 2019లో వెలువడిన పరిశోధన చూపింది. ఆ మార్పుతో తయారీ మొదట్లోనే ఆగిపోతుంది. తీపి పప్పులో అమిగ్డాలిన్ బొత్తిగా లేదని కాదు, కిలోకు కొన్ని పదుల మిల్లీగ్రాములే ఉంటుంది. అంటే చేదు పప్పుతో పోలిస్తే వందల రెట్లు తక్కువ.

తీపి గుణం ప్రబలమైనది. చెట్టులో ఉండే ఆ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి తీపిదైతే చాలు, పప్పు తియ్యగా ఉంటుంది. చేదు ప్రతి మాత్రం లోపల దాగి ఉంటుంది. బాదం సాధారణంగా పరపరాగ సంపర్కం మీద ఆధారపడే చెట్టు. తల్లీ తండ్రీ ఇద్దరూ అలాంటి దాగిన చేదు ఉన్నవారైతే, నాటిన గింజల్లో సగటున నాలుగింటికి ఒకటి చేదు చెట్టు అవుతుంది. మీకు సరిగ్గా అదే నిష్పత్తి రావడం యాదృచ్ఛికమే గానీ, కారణం మాత్రం ఇదే అయి ఉంటుంది.

చేదు చెట్టు పుప్పొడి పడి మిగతా మూడూ చేదెక్కుతాయేమోనని చాలామంది భయపడతారు. అలా జరగదు. పప్పు మీది పొర తల్లి చెట్టు కణజాలం కాబట్టి, ఈ ఏడాది కాయ రుచిని తల్లే నిర్ణయిస్తుంది. అందుకే ఒక చెట్టు కాయలన్నీ ఒకే తీరుగా ఉంటాయి. అయితే ఆ కాయలను మళ్లీ నాటితే చేదు మొక్కలు వచ్చే అవకాశం పెరుగుతుంది.

కాబట్టి చెట్టును కొట్టేయనక్కరలేదు. చెట్టు నిద్రావస్థలో ఉన్నప్పుడు తీపి చెట్టు నుంచి కొమ్మలు సేకరించి, వసంతంలో చేదు చెట్టు కొమ్మలు కోసి వాటి మీద అంటు కట్టండి. కింది భాగం చేదుదైనా, అంటు కొమ్మకు కాసే కాయల పొరల్లో ప్రునాసిన్ తయారు కాదు గనుక పప్పు తియ్యగానే ఉంటుంది. చేదు బాదం మొక్కలను వేరుమూలంగా వాడడం పాత అలవాటే. గమనించవలసింది ఒక్కటే: అంటు కట్టిన చోటుకు కింద నుంచి లేచే చిగుళ్లను ఎప్పటికప్పుడు మొదలంటా తీసేయాలి. ఒక్కటి మిగిలి కొమ్మగా ఎదిగినా అది చేదు కాయలే కాస్తుంది, కోత రోజున అవి తీపి కాయల కుప్పలో కలిసిపోతాయి.